చంపింది ఒకరైతే శిక్ష మరొకరికా? జాయింట్ క్రిమినల్ ఎంటర్‌ప్రైజ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

అంతర్జాతీయ నేర న్యాయం గురించి మాట్లాడిన ప్రతిసారీ లా విద్యార్థులూ జూనియర్ న్యాయవాదులూ అవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ఉదాహరణలు చాలావరకు బోస్నియాలోని ప్రియెడోర్ అనే ఒకే ప్రాంతం నుంచి తీసుకున్నాను. 1992లో బోస్నియా యుద్ధంలో అక్కడ జరిగిన నేరాలపై కరాటే నేర్పే వ్యక్తి నుంచి దేశాధ్యక్షుడి దాకా ఎందరో హేగ్‌లో విచారణ ఎదుర్కొన్నారు. ఒకే చోటి ఘటనలకు ఒక్కొక్కరిని ఒక్కో సూత్రంతో ఎలా ముడిపెట్టారో అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది.

## మొదట వచ్చే సందేహాలు

జాయింట్ క్రిమినల్ ఎంటర్‌ప్రైజ్ అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

కొందరు కలిసి ఒక నేరం చేయాలని, లేదా నేరాల ద్వారానే నెరవేరే ఒక లక్ష్యం సాధించాలని అనుకుంటారు. ఆ పనిలో తన వంతు గణనీయంగా నిర్వర్తించిన ప్రతివాడూ ఆ నేరాన్ని స్వయంగా చేసినవాడే అవుతాడు. తుపాకీ పేల్చింది ఎవరన్నది రెండో ప్రశ్న. దీన్ని పొట్టిగా జేసీఈ అంటారు. ఇది విడిగా ఒక నేరం కాదు. హత్య, నిర్బంధం, హింస వంటి నేరాలకు ఒక వ్యక్తిని బాధ్యుడిని చేసే దారి మాత్రమే. అందుకే తీర్పుల్లో ఎవరినీ "జేసీఈ నేరానికి" దోషిగా ప్రకటించరు. "జేసీఈలో పాల్గొనడం ద్వారా హత్యకు" దోషి అంటారు.

ట్రైబ్యునల్ చట్టంలో ఈ మాటే లేదట కదా, మరి ఎక్కడి నుంచి వచ్చింది?

నిజమే, లేదు. మాజీ యుగోస్లావియా కోసం 1993లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి హేగ్‌లో ఏర్పాటు చేసిన ట్రైబ్యునల్ చట్టంలో 7(1) అధికరణం ఉంది. నేరానికి ప్రణాళిక వేసినవారు, పురికొల్పినవారు, ఆదేశించినవారు, చేసినవారు, తోడ్పడినవారు బాధ్యులని అది చెబుతుంది. ఉమ్మడి పథకం అన్న ప్రస్తావనే అందులో కనిపించదు.

1999 జులై 15న తాడిచ్ కేసు అప్పీలు తీర్పులో న్యాయమూర్తులు "చేసినవారు" అన్న పదంలోనే దీన్ని చదివారు. యుద్ధకాలపు నేరాలు ఎక్కువగా గుంపులు చేసేవి, అందరి చేతులూ ఒకే పని చేయవు, పథకంలో భాగమైన మిగతావారిని వదిలేస్తే చట్టం ఉద్దేశమే దెబ్బతింటుంది అన్నది వారి వాదన. ఆధారంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్, అమెరికన్ సైనిక కోర్టుల్లో, ఇటలీ కోర్టుల్లో నడిచిన కేసులను చూపించారు.

నా దృష్టిలో ఈ సూత్రానికి ఉన్న అసలు బలహీనత ఇక్కడే ఉంది. ఆ పాత సైనిక కోర్టుల్లో చాలావాటిలో కారణాలు వివరించే తీర్పులు లేవు. ప్రాసిక్యూటర్ ఏం వాదించాడు, చివరికి ఎవరికి శిక్ష పడింది అన్నవి కలిపి చూసి, కోర్టు ఏ సూత్రాన్ని ఒప్పుకుని ఉంటుందో ఊహించాల్సి వస్తుంది. అంతటి బరువు మోసే సూత్రానికి ఆ పునాది పలచనే.

ఇది కుట్ర కేసు లాంటిదే కదా?

కాదు. కుట్రలో ఒప్పందమే నేరం. అనుకున్నది జరగకపోయినా శిక్ష పడవచ్చు. జేసీఈలో నేరం నిజంగా జరిగి తీరాలి, ఆ వ్యక్తి అందుకు ఏదో ఒకటి చేసి ఉండాలి. మనసులో అనుకుని ఊరుకున్నవాడు జేసీఈలోకి రాడు. ఫలానా పార్టీలోనో దళంలోనో సభ్యుడైనంత మాత్రానా రాడు.

మన ఐపీసీ 34, 149 సెక్షన్లకూ దీనికీ పోలిక ఉందా?

ఉంది. మన న్యాయవాదులకు జేసీఈ తొందరగా ఒంటబట్టడానికి కారణం అదే. ఉమ్మడి ఉద్దేశంతో కొందరు చేసిన నేరానికి ప్రతి ఒక్కరూ తామే చేసినట్టు బాధ్యులని పాత 34వ సెక్షన్ చెబుతుంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 3(5). జేసీఈ మొదటి రూపానికి ఇది దగ్గరి చుట్టం.

పాత 149, అంటే ఇప్పటి 190, ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఐదుగురు లేదా అంతకుమించి ఉన్న చట్టవిరుద్ధ సమూహంలో ఒకరు నేరం చేస్తే, అది ఉమ్మడి లక్ష్యం కోసం చేసిందైనా, లేక ఆ లక్ష్యం వెంట జరిగే అవకాశం ఉందని సభ్యులకు తెలిసిందైనా, అందరూ దోషులే. ఇందులోని రెండో భాగం జేసీఈ మూడో రూపాన్ని గుర్తుకు తెస్తుంది.

తేడాలూ చిన్నవి కావు. 149 కింద ఆ సమయంలో సమూహంలో సభ్యుడిగా ఉంటే చాలు, విడిగా ఏ పనీ చేయనక్కర్లేదు. జేసీఈలో గణనీయమైన తోడ్పాటు చూపించాలి. మరోవైపు 149కి ఘటనా స్థలంలో గుమిగూడిన సమూహం ఉండాలి. జేసీఈకి అది అక్కర్లేదు, వందల కిలోమీటర్ల దూరంలో కార్యాలయంలో కూర్చున్నవారినీ అది పట్టుకుంటుంది.

## మూడు రూపాలు

మూడు రూపాల తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఆ మనిషి మనసులో ఏముందన్నది పట్టుకుంటే చాలు. మొదటి రూపంలో అందరి ఉద్దేశమూ ఒకటే: ఈ నేరం జరగాలి. రెండో రూపం నిర్బంధ శిబిరాల లాంటి వ్యవస్థలకు సంబంధించింది. అక్కడ హింస ఒక పద్ధతిగా నడుస్తోందని ఆ వ్యక్తికి తెలుసు, తెలిసే దాన్ని ముందుకు నడపాలన్న ఉద్దేశంతో పని చేశాడు. మూడో రూపంలో ఆ వ్యక్తి జరిగిన నేరాన్ని కోరుకోలేదు. వేరే నేరం కోసం కలిశాడు. కానీ ఆ దారిలో ఈ నేరం జరగవచ్చని అతనికి ముందే తెలుసు, అయినా తెగించి అందులో కొనసాగాడు.

మూడింటిలోనూ బయట చూపాల్సినవి ఒకటే. ఒకరికి మించి మనుషులు, ఒక ఉమ్మడి లక్ష్యం, అందులో ఈ వ్యక్తి తోడ్పాటు.

తాడిచ్ కేసులో అసలు ఏం జరిగింది?

దుష్కో తాడిచ్ ప్రియెడోర్ ప్రాంతంలోని కోజరాట్స్ పట్టణంలో కాఫీ హోటల్ నడిపేవాడు, కరాటే నేర్పేవాడు. 1992 ఏప్రిల్ 30న సెర్బ్ పార్టీ ప్రియెడోర్ పాలనను బలవంతంగా చేజిక్కించుకుంది. మే నెలాఖరులో కోజరాట్స్‌పై దాడి జరిగింది. ముస్లింలు, క్రొయేట్లు శిబిరాల పాలయ్యారు.

1992 జూన్ 14న యాస్కిచి అనే చిన్న ఊళ్లోకి ఒక సాయుధ గుంపు వచ్చింది. అందులో తాడిచ్ ఉన్నాడు. మగవాళ్లను ఇళ్లలోంచి బయటికి లాగి, ఆడవాళ్ల నుంచి వేరు చేసి, కొట్టి, తీసుకుపోయారు. గుంపు వెళ్లాక చూస్తే ఊళ్లో ఐదుగురి శవాలున్నాయి. వారిలో నలుగురికి తలలో తుపాకీ గుండ్లు దిగాయి. తాడిచ్ కొట్టడం చూసినవారున్నారు. చంపడం చూసినవారు ఎవరూ లేరు.

1997 మే 7న విచారణ కోర్టు తీర్పు చెప్పింది. మిగతా చాలా నేరాల్లో అతను దోషే. కానీ ఈ ఐదు హత్యల్లో అతని పాత్ర సందేహాతీతంగా రుజువు కాలేదంది. అదే రోజు పక్కనున్న సివ్‌చి గ్రామంపై దాడికి వెళ్లిన పెద్ద బలగంలో ఎవరైనా ఆ హత్యలు చేసి ఉండవచ్చన్న అవకాశాన్ని కొట్టిపారేయలేమంది.

అప్పీలు కోర్టు ఆ ముగింపును తిప్పింది. సాక్ష్యమంతా కలిపి చూస్తే ఆ ఐదుగురిని చంపింది తాడిచ్ ఉన్న గుంపే అన్న ఒక్క నిర్ణయమే సమంజసమంది. ఆ తర్వాతే అసలు ప్రశ్న వచ్చింది. అతని చేతితో ఎవరూ చనిపోయినట్టు రుజువు లేదు, మరి అతన్ని హత్యకు బాధ్యుడిని చేయడం ఎలా? కోర్టు ఇలా వరుస కట్టింది. ప్రియెడోర్ నుంచి సెర్బేతరులను అమానుష చర్యలతో వెళ్లగొట్టాలన్న ఉమ్మడి లక్ష్యం ఉంది. తాడిచ్‌కు అది తెలుసు, ఇష్టపడే అందులో చేరాడు. ఆయుధాలు పట్టుకుని ఊళ్లోంచి మగవాళ్లను లాక్కుపోయే పనిలో కొందరు చావవచ్చని ముందే ఊహించగలం. తాడిచ్‌కూ అది తెలుసు, అయినా ఆగలేదు. కాబట్టి ఐదు హత్యలకూ అతను బాధ్యుడు.

అతని శిక్ష చివరికి 2000 జనవరిలో 20 ఏళ్లుగా ఖరారైంది.

కొట్టడానికి వెళ్లినవాడిని హత్యకు బాధ్యుడిని చేయడం అన్యాయం కాదా?

మూడో రూపంపై వచ్చే అసలు అభ్యంతరం ఇదే. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సమర్థించేవారు పాత ఎస్సెన్ కేసు చూపిస్తారు. 1944 డిసెంబరులో జర్మనీలోని ఎస్సెన్‌లో ముగ్గురు బ్రిటిష్ వైమానిక సైనికులను ఒక కాపలా సైనికుడు విచారణకు తీసుకెళుతున్నాడు. దారిలో జనం దాడి చేసినా అడ్డుపడవద్దని అతని అధికారి జనం వినేలా గట్టిగా ఆదేశించాడు. జనం వాళ్లను కొట్టారు, రాళ్లు విసిరారు, వంతెన మీంచి తోసేశారు. ముగ్గురూ చనిపోయారు. ఎవరి దెబ్బకు ఎవరు పోయారో విడదీయడం అసాధ్యం. అలాంటిచోట "నేను ఒక్క దెబ్బే కొట్టాను" అన్న మాటతో బయటపడనిస్తే చివరికి హంతకుడంటూ ఎవరూ మిగలరు.

అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. అక్కడ అందరూ ఒకే చోట, ఒకే కళ్లతో చూస్తూ ఉన్నారు. కానీ అదే తర్కాన్ని ఒక దేశపు విస్తీర్ణానికి సాగదీస్తే ఊహించగలగడం అన్న గీటురాయి అరిగిపోతుంది. యుద్ధంలో ఏ నేరమైనా ఊహించదగినదే కదా! ట్రైబ్యునల్ దీనికి ఒక హద్దు పెట్టింది. ఏదో మూల ఉన్న అవకాశం చాలదు, ఆ నేరం జరిగే అవకాశం చెప్పుకోదగినంత ఉండాలి, అదీ ఆ నిందితుడికి తెలిసిన సంగతుల ఆధారంగా తేలాలి. ఈ రెండో షరతే న్యాయవాదికి నిజంగా పనికొచ్చేది. "ఎవరైనా ఊహించగలరు" అన్నది చాలదు. "ఇతని దగ్గర ఆ రోజుకు ఏ సమాచారం ఉంది" అని అడగాలి.

జాతి నిర్మూలన విషయంలో ఈ అభ్యంతరం ఇంకా బలపడుతుంది. ఒక జాతిని నాశనం చేయాలన్న ప్రత్యేక ఉద్దేశమే ఆ నేరానికి ప్రాణం. ఆ ఉద్దేశం లేనివాడిని మూడో రూపం ద్వారా జాతి నిర్మూలనకు దోషిగా నిలపవచ్చని 2004లో బోస్నియా సెర్బ్ నాయకుడు బర్జానిన్ కేసు మధ్యంతర అప్పీలులో కోర్టు అంగీకరించింది. అది తప్పుదారి అని నా అభిప్రాయం. నేరం పేరుకు ఉన్న అర్థమే అక్కడ ఆవిరైపోతుంది.

## శిబిరాల్లో పనిచేసినవారు

శిబిరంలో ఉద్యోగం చేశాడంతే, అదీ నేరమేనా?

ఉద్యోగం చేయడమే నేరం కాదు. కానీ ఓమార్స్కా లాంటి చోట ఆ మాట నిలబడటం కష్టం. ప్రియెడోర్ దగ్గరి ఇనుప ఖనిజం గని ఆవరణను 1992 మే చివర్లో శిబిరంగా మార్చారు. ఆగస్టు చివరిదాకా నడిచింది. మూడు వేలకు పైగా మనుషులు దాని గుండా వెళ్లారు. ప్రశ్నించే గదులు ఆఫీసు భవనంలో ఉండేవి. అందులోంచి కేకలు వినిపించేవి, దెబ్బలు తిన్నవారిని అందరి ఎదుటే ఈడ్చుకొచ్చేవారు. "తెల్ల ఇల్లు" అనే చిన్న కట్టడంలోకి వెళ్లినవారిలో చాలామంది తిరిగి రాలేదు. శవాలు బయటే కనిపించేవి.

అక్కడి పోలీసు అధికారి మిరోస్లావ్ క్వోచ్కా కాపలా సిబ్బందిలో ముఖ్యమైన స్థానంలో కొన్ని వారాలే ఉన్నాడు. అతని భార్య ముస్లిం. కొందరు ఖైదీలకు అతను సాయం చేశాడని కోర్టే నమోదు చేసింది. అయినా దోషే. ఎందుకంటే హింస అక్కడ రోజువారీ పద్ధతి అని అతనికి తెలుసు, తెలిసి కూడా ఆ పద్ధతి సాఫీగా సాగేలా తన పని తాను చేశాడు. ఇది జేసీఈ రెండో రూపం. శిక్ష ఏడేళ్లు. 2005 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

అయితే శిబిరంలో కాలుపెట్టిన ప్రతివాడూ జేసీఈ సభ్యుడేనా?

కాదు, అందుకు మంచి ఉదాహరణ జోరాన్ జిగిచ్. ప్రియెడోర్‌లో టాక్సీ నడిపిన ఇతనికి ఓమార్స్కాలో ఉద్యోగమేమీ లేదు. అప్పుడప్పుడూ వచ్చి ఖైదీలను కొట్టి, హింసించి పోయేవాడు. విచారణ కోర్టు అతన్ని ఓమార్స్కా వ్యవస్థ మొత్తానికీ బాధ్యుడిని చేసింది. అప్పీలు కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. అవకాశం దొరికినప్పుడల్లా వచ్చిపోయేవాడు వ్యవస్థను నడిపినవాడు కాడని, అలాంటివాడి తోడ్పాటు బలమైనదని చూపితే తప్ప ఆ ముద్ర వేయకూడదని చెప్పింది. స్వయంగా చేసిన హత్యలు, చిత్రహింసలు మాత్రం అతని మెడకు అలాగే ఉన్నాయి. శిక్ష 25 ఏళ్లు.

వ్యవస్థను నడిపిన క్వోచ్కాకు ఏడు, వచ్చిపోయిన జిగిచ్‌కు ఇరవై ఐదు. జేసీఈ ముద్ర పడితే శిక్ష పెరుగుతుందన్న అపోహ ఈ రెండు అంకెలతో పోతుంది. శిక్షను తేల్చేది ఆ మనిషి చేసిన పని తీవ్రత.

## పై స్థాయి నాయకులు

నాయకుడు ఊళ్లో అడుగైనా పెట్టలేదు. అతన్ని ఎలా కలుపుతారు?

చంపిన సైనికుడికీ నాయకుడికీ మధ్య ఒప్పందం ఉందని చూపాలా అన్నదే ఇక్కడి చిక్కుముడి. ప్రియెడోర్‌తో సహా చాలా మునిసిపాలిటీలున్న క్రాయినా స్వయంపాలిత ప్రాంతంలో యుద్ధకాలపు పాలన చూసిన సంక్షోభ కమిటీకి రాడోస్లావ్ బర్జానిన్ అధ్యక్షుడు. 2004 సెప్టెంబరులో విచారణ కోర్టు అతనిపై జేసీఈని తోసిపుచ్చింది. నేరాలు చేసిన మనుషులతో అతనికి అవగాహన ఉన్నట్టు రుజువు లేదని, ఇంత పెద్ద విస్తీర్ణానికి ఈ సూత్రం సరిపడదని అంది. సహాయకుడిగా, మరికొన్ని రూపాల్లో దోషిగా తేల్చి 32 ఏళ్లు వేసింది.

2007 ఏప్రిల్ 3న అప్పీలు కోర్టు ఆ రెండు మాటలూ తప్పన్నది. చంపినవాడు జేసీఈ సభ్యుడు కానక్కర్లేదు. జేసీఈ సభ్యుల్లో ఒకరు ఉమ్మడి లక్ష్యం కోసం అతన్ని పనిముట్టుగా వాడుకున్నారని చూపితే చాలు. అలాగే నిందితుడి తోడ్పాటు కనీసం గణనీయంగా ఉండాలని స్పష్టం చేసింది. అయితే బర్జానిన్‌పై కొత్తగా జేసీఈ దోషిత్వం మోపలేదు. శిక్ష 30 ఏళ్లకు తగ్గింది.

ఆ తీర్పు తర్వాత పై స్థాయి కేసుల రూపురేఖలే మారిపోయాయి. బోస్నియా సెర్బ్ అధ్యక్షుడు రదోవాన్ కరాడ్జిచ్‌పై ఒకటి కాదు, నాలుగు జేసీఈలు నిరూపించారు: మునిసిపాలిటీల నుంచి సెర్బేతరులను శాశ్వతంగా తొలగించడం, సారయెవో పౌరులను భయభ్రాంతులను చేయడం, స్రెబ్రెనిత్సాలో ముస్లింలను నిర్మూలించడం, ఐక్యరాజ్యసమితి సిబ్బందిని బందీలుగా పట్టడం. 2016లో 40 ఏళ్లు, 2019 అప్పీలులో యావజ్జీవం. ప్రియెడోర్ వంటి మునిసిపాలిటీల్లో 1992లో జరిగినదాన్ని జాతి నిర్మూలనగా మాత్రం కోర్టు ఒప్పుకోలేదు. మానవాళిపై నేరాలుగా ఒప్పుకుంది.

నాయకుల ఉద్దేశం రాతపూర్వకంగా ఉండదు కదా, ఎలా రుజువు చేస్తారు?

పరిస్థితుల సాక్ష్యంతో. సమావేశాల నిర్ణయాలు, ఉపన్యాసాలు, ఒకే తీరులో అనేక ఊళ్లలో జరిగిన దాడులు, నేరాలు తెలిశాక కూడా ఎవరినీ శిక్షించకపోవడం ఇవన్నీ కలిపి చూస్తారు. నియమం ఒక్కటే: ఆ సాక్ష్యం నుంచి నేర లక్ష్యం ఉందన్న ఒక్క ముగింపే సమంజసంగా రావాలి. మరో సమంజసమైన వివరణ మిగిలితే కేసు కూలుతుంది.

క్రొయేషియా జనరల్ ఆంటె గొటోవినా కేసు అలాగే కూలింది. 1995లో క్నిన్ మొదలైన పట్టణాలపై ఫిరంగి దాడులు చట్టవిరుద్ధమని, వాటి ద్వారా సెర్బులను తరిమే జేసీఈ ఉందని 2011లో విచారణ కోర్టు తేల్చి 24 ఏళ్లు వేసింది. సైనిక లక్ష్యానికి 200 మీటర్ల అవతల పడిన గుండు పౌరులపై గురిపెట్టిందే అన్న కొలమానం ఆ తీర్పుకు ఆధారం. ఆ 200 మీటర్లకు సాక్ష్యంలో ఆధారమే లేదని 2012 నవంబరులో అప్పీలు కోర్టు పట్టుకుంది. దాడులు చట్టవిరుద్ధమన్న నిర్ణయం పోవడంతో వాటి మీద కట్టిన జేసీఈ కూడా పోయింది. ముగ్గురు న్యాయమూర్తులు అలా అన్నారు, ఇద్దరు గట్టిగా విభేదించారు. గొటోవినా నిర్దోషిగా విడుదలయ్యాడు. ఎన్ని వేల పేజీల సాక్ష్యం ఉన్నా, ముగింపు ఏ మెట్టు మీద నిలబడిందో వెతికి చూడాలి.

## జేసీఈ కాకుండా మిగతా దారులు

సహాయకుడికీ జేసీఈ సభ్యుడికీ తేడా ఏమిటి?

జేసీఈ సభ్యుడు ఉమ్మడి లక్ష్యంలోని నేరం జరగాలని కోరుకుంటాడు. సహాయకుడికి తన పని ఆ నేరానికి ఉపయోగపడుతోందని తెలిస్తే చాలు, అతని కోరికతో పనిలేదు. బదులుగా అతని సాయం నేరంపై గట్టి ప్రభావం చూపి ఉండాలి.

దీనికి మంచి ఉదాహరణ బోస్నియా సెర్బ్ జనరల్ రాడిస్లావ్ క్రస్టిచ్. 1995 జులైలో స్రెబ్రెనిత్సా హత్యాకాండలో అతని సైనిక దళమైన డ్రీనా కోర్ మనుషులనూ వనరులనూ వాడుకున్నారు. విచారణ కోర్టు అతన్ని జాతి నిర్మూలన చేసిన జేసీఈ సభ్యుడిగా చూసి 46 ఏళ్లు వేసింది. 2004 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు వేరేలా చూసింది: పై అధికారుల్లో కొందరికి ఆ ఉద్దేశం ఉందని అతనికి తెలుసు, తన వనరుల వాడకాన్ని ఆపలేదు, కానీ ఆ ఉద్దేశం అతనిదని రుజువు కాలేదు. కాబట్టి సహాయకుడు. శిక్ష 35 ఏళ్లు. మనసు మారితే పేరు మారింది, పేరుతో పాటు 11 ఏళ్లు తగ్గాయి.

ఆయుధాలు పంపిన పక్క దేశపు అధికారి సహాయకుడేనా?

దీనిపై ట్రైబ్యునల్‌లోనే కొంతకాలం రెండు గొంతులు వినిపించాయి. యుగోస్లావ్ సైన్యాధిపతి మొమ్‌చిలో పెరిషిచ్‌ను 2013 ఫిబ్రవరిలో విడుదల చేస్తూ, సాయం నేరం వైపే ప్రత్యేకంగా గురిపెట్టి ఉండాలన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్ల్స్ టేలర్ కేసులో సియెరా లియోన్ ప్రత్యేక కోర్టు అలాంటి షరతు లేదని 50 ఏళ్ల శిక్షను ఖాయం చేసింది. 2014 జనవరిలో షైనోవిచ్ కేసులో యుగోస్లావియా ట్రైబ్యునల్ కూడా ఆ షరతును వదిలేసింది.

కింది సిబ్బంది చేసినదానికి పై అధికారి ఎప్పుడు బాధ్యుడు?

మూడు సంగతులు తేలితే. కింది సిబ్బందిపై అతనికి నిజమైన అదుపు ఉండాలి. నేరం గురించి తెలిసి ఉండాలి, లేదా తెలుసుకోవడానికి తగిన సమాచారం చేతిలో ఉండాలి. అయినా ఆపకుండానో, చేసినవారిని శిక్షించకుండానో ఊరుకుని ఉండాలి. అతనికి నేర లక్ష్యం ఉండనక్కర్లేదు. అతని తప్పు చేయాల్సింది చేయకపోవడం.

కేసులు ఎక్కువగా ఓడేది అదుపు దగ్గరే. సెర్బ్ ఖైదీలను హింసించిన చెలెబిచి శిబిరం కేసులో శిబిరాధికారి జ్ద్రావ్‌కో ముచిచ్ దోషిగా తేలాడు, ఎందుకంటే కాపలాదారులు అతని మాట వినేవారు. ఆ ప్రాంతంలో పలుకుబడి ఎంతో ఉన్న జెయ్‌నిల్ డెలాలిచ్ బయటపడ్డాడు. అతను సమన్వయకర్తే గానీ శిబిరంపై ఆజ్ఞాపించే అధికారం అతనికి లేదు. పలుకుబడి వేరు, అదుపు వేరు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో జేసీఈ ఎందుకు వినిపించదు?

ఐసీసీకి పునాది అయిన రోమ్ చట్టం 25(3) అధికరణంలో బాధ్యత రూపాలను విడివిడిగా రాసుకున్నారు. ఉమ్మడిగా నేరం చేయడాన్ని అక్కడి న్యాయమూర్తులు "నేరంపై అదుపు" అన్న కొలతతో చూస్తారు. తన వంతు పని మానేస్తే పథకమే ఆగిపోయేంత కీలక పాత్ర ఉంటేనే ఉమ్మడి నేరస్థుడు. బాల సైనికుల కేసులో 2012లో థామస్ లుబాంగాను దోషిగా తేల్చింది ఈ కొలతతోనే. జేసీఈలో గణనీయమైన తోడ్పాటు సరిపోతుంది. ఇక్కడ అంతకంటే ఎక్కువ కావాలి.

ఇలాంటి ఆలోచన యుగోస్లావియా ట్రైబ్యునల్‌లోనూ ఒకసారి తలెత్తింది. ప్రియెడోర్ సంక్షోభ కమిటీ అధ్యక్షుడు, వైద్యుడు అయిన మిలొమిర్ స్టాకిచ్ కేసులో విచారణ కోర్టు జేసీఈని పక్కనపెట్టి ఉమ్మడి నేరస్థుడిగా యావజ్జీవం వేసింది. 2006 మార్చిలో అప్పీలు కోర్టు ఆ రూపానికి ఆచార అంతర్జాతీయ చట్టంలో ఆధారం లేదని, మళ్లీ జేసీఈనే పెట్టి 40 ఏళ్లు వేసింది.

రోమ్ చట్టంలో జేసీఈకి దగ్గరగా ఉండేది 25(3)(డి): ఉమ్మడి లక్ష్యంతో ఉన్న గుంపుకు తెలిసి తోడ్పడటం. కాంగోలోని బొగోరో గ్రామంపై 2003 ఫిబ్రవరి 24న జరిగిన దాడికి జెర్మేన్ కటాంగా 2014లో దీని కిందే 12 ఏళ్ల శిక్ష పొందాడు. అయితే అతన్ని మొదట ఉమ్మడి నేరస్థుడిగా విచారించి, సాక్ష్యాలన్నీ ముగిశాక రూపం మార్చారు. న్యాయమూర్తి వాన్ డెన్ వింగార్ట్ దీన్ని తీవ్రంగా తప్పుపట్టారు. ఆమె మాటే సరైనదని నేను నమ్ముతాను. ఏ ఆరోపణకు జవాబు చెప్పాలో తెలియకుండా నిందితుడు తనను తాను కాపాడుకోలేడు.

మూడో రూపాన్ని అన్ని కోర్టులూ ఒప్పుకున్నాయా?

లేదు. ఖ్మేర్ రూజ్ నాయకులను విచారించిన కంబోడియా ప్రత్యేక కోర్టు 2010 మేలో మొదటి రెండు రూపాలను ఒప్పుకుని మూడోదాన్ని తిరస్కరించింది. నేరాలు జరిగిన 1975–79 నాటికి అది ఆచార చట్టంలో ఉందనడానికి తాడిచ్ తీర్పు చూపిన కేసులు చాలవంది. 2016లో బ్రిటన్ సుప్రీంకోర్టు జోగీ కేసులో, ఊహించగలగడాన్నే ఉద్దేశంతో సమానంగా చూసిన తమ పాత ఉమ్మడి నేర సూత్రం దారితప్పిందని ప్రకటించింది. హేగ్‌లో డిఫెన్స్ న్యాయవాదులు ఆ తీర్పును పట్టుకుని వాదించారు. 2017 నవంబరులో ప్ర్‌లిచ్ కేసులో అప్పీలు కోర్టు దాని ఆధారంగా తన దారి మార్చుకోవడానికి ఒప్పుకోలేదు.

## కేసు చదివేటప్పుడు

అభియోగ పత్రంలో జేసీఈ సరిగ్గా రాశారో లేదో ఎలా చూడాలి?

ఉమ్మడి లక్ష్యం ఏమిటి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎవరెవరు సభ్యులు, కనీసం ఏ వర్గాలవారు, నిందితుడు ఏం చేశాడు, ఏ రూపం మోపుతున్నారు. ఇవి ఉండాలి. రూపం చెప్పకుండా "జేసీఈ" అని వదిలేస్తే నిందితుడు ఏ మానసిక స్థితిని ఖండించాలో తెలియదు. సభ్యుల జాబితా "రాజకీయ, సైనిక, పోలీసు నాయకులు" అంటూ మరీ వదులుగా ఉంటే, నేరం చేసిన వ్యక్తిని వాడుకున్నది జాబితాలోని ఎవరో తీర్పులో తేలిందా అని వెతకండి. ఆ లింకు లేని తీర్పులు అప్పీలులో ఇబ్బంది పడతాయి.

భారతీయుల మీద ఇవి ఎప్పుడైనా వర్తిస్తాయా?

భారత్ రోమ్ చట్టంలో చేరలేదు. మానవాళిపై నేరాలు, జాతి నిర్మూలన మన నేర చట్టంలో విడి నేరాలుగా లేవు. 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించి 2018 డిసెంబరులో సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం విధిస్తూ ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపి, వెంటనే సరిదిద్దాలని కోరింది. తర్వాత వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ నేరాలను చేర్చలేదు. మూకుమ్మడి హత్యల కేసుల్లో మన కోర్టులు నేటికీ హత్య, కుట్ర, చట్టవిరుద్ధ సమూహం సెక్షన్లతోనే నడుస్తున్నాయి.